పాప పడుకున్నాక పట్టుచీర కుచ్చులు: బరంపురంలో ఇంట్లోంచే చేసుకునే పని, మొదటి నుంచి చివరి దాకా

మా పాపకి ఇప్పుడు 22 నెలలు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పడుకుంటే ఒక్కోరోజు గంటన్నర, ఒక్కోరోజు నలభై నిమిషాలు. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. నాకు ఓపికుంటే పదకొండు దాకా కూర్చోగలను. అంటే రోజుకి రెండు గంటలు, అదీ రెండు ముక్కలుగా. ఈ రెండు గంటల్లో ఏం చేయగలనా అని చాలా పనులు చూశాను. చివరికి చీర కొంగు చివర వేలాడే దారపు కుచ్చులు కట్టడం, ఫాల్ కుట్టడం దగ్గర ఆగాను. ఏడాదిగా ఇదే చేస్తున్నాను. ఇలాంటి ఇల్లే ఉన్నవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఏ పనైనా మొదలుపెట్టే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

మధ్యలో వదిలేసి లేస్తే ఆ పని పాడైపోతుందా? చప్పుడు చేస్తుందా? ఫలానా టైముకి ఎవరైనా ఎదురు చూస్తారా? ఈ మూడింటిలో ఒక్కదానికి "అవును" అని వచ్చినా పసిపిల్ల ఉన్న ఇంట్లో ఆ పని సాగదు. టిఫిన్లు, కర్రీ పాయింట్ టైముకి అందించాలి. ఆన్‌లైన్ ట్యూషన్‌లో పిల్లలు అవతల కూర్చుని ఉంటారు, మన పాప లేచిందని చెప్పి వెళ్ళిపోలేం. మిషన్ మీద జాకెట్లు కుట్టడం మంచి పనే, కానీ రాత్రి పదింటికి ఆ చప్పుడుకి పాపతో పాటు పక్కింటివాళ్ళు కూడా లేస్తారు. పైగా జాకెట్టు కొలతల కోసం మనుషులు పదేపదే వస్తూనే ఉంటారు.

కుచ్చులది సూదీ దారం పని. చప్పుడు ఉండదు. ముప్పై కుచ్చులు కట్టాక పాప ఏడిస్తే ముప్పై ఒకటోది రేపు కట్టుకోవచ్చు. ఇంకో కారణం మన ఊరే. బరంపురం పట్టుకి పేరున్న ఊరు. గుడి గోపురాల్లా పైకి లేచే ఫోడ కుంభం అంచు చీరలు ఇక్కడివే. పెళ్ళిళ్ళకి తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు ఇద్దరూ పట్టే కొంటారు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే బీరువాల్లో చీరలన్నీ బయటికి వస్తాయి. ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా ఇక్కడికే కొనుక్కోవడానికి వస్తారు. చీర కొన్నవాళ్ళందరికీ ఫాల్ కావాలి, వాళ్ళలో చాలామందికి ఇప్పుడు కుచ్చులు కూడా కావాలి.

పనిని మూడు పెట్టెలుగా విడదీయడం

ఈ పని నడవడానికి అసలు కిటుకు ఇదే. నేను మొదటి రెండు నెలలూ ఇది తెలియక ఇబ్బంది పడ్డాను. పాప కన్ను మూయగానే చీర తీసి పరిచేదాన్ని. పరవడానికి పది నిమిషాలు, ఎక్కడ ఆపానో వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు. అంతలో పాప లేచేది, చీర హడావిడిగా మడత పెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు పాప మెలకువగా ఉన్నప్పుడు చేసేవి వేరు: రంగు చూడటం, దారం కొనడం, కస్టమర్‌తో మాట్లాడటం. వీటికి సూది అక్కర్లేదు. పగటి కునుకులో చీరను ముట్టుకోను. దారం చుట్టడం, కుచ్చులు విడిగా కట్టి డబ్బాలో వేసుకోవడం అప్పటి పని. ఇవి ఒళ్ళో పెట్టుకుని చేసేవి, పాప కదిలితే డబ్బా మూత పెట్టి లేస్తే చాలు. రాత్రి పాప గాఢనిద్రలోకి వెళ్ళాకే చీర బయటికి తీస్తాను. అంచు మడవడం, కుచ్చులు చీరకి కుట్టడం, ఫాల్ హెమ్మింగ్ రాత్రివే. కునుకు కరువైన రోజున రాత్రి ముందు కుచ్చులు కట్టి, చీర పని మర్నాటికి జరుపుతాను.

చీర చేతికి తీసుకునేటప్పుడు

పది, పదిహేను వేల చీర మన ఇంటికి వస్తోంది. తెచ్చినవాళ్ళ ముందే మంచం మీద పరిచి రెండు కొనలూ, కొంగూ, అంచూ ఫోన్‌లో ఫోటో తీయండి. చిరుగు, మరక, లాగిన పోగు కనిపిస్తే అప్పుడే చూపించి ఆ ఫోటో వాళ్ళకి వాట్సాప్‌లో పంపండి. తర్వాత నోట్‌బుక్‌లో పేరు, తేదీ, జాకెట్టు ముక్క కత్తిరించారా లేదా, కుచ్చుల రకం, ఇస్తానన్న తేదీ రాసుకోండి.

జాకెట్టు ముక్క సంగతి తప్పనిసరిగా అడగాలి. చాలా చీరల్లో అది లోపలి కొనకి కలిపే ఉంటుంది. చూసుకోకుండా ఫాల్ ఆ కొన నుంచి మొదలుపెడితే ముప్పావు మీటరుకి పైగా ఫాల్ జాకెట్టు ముక్క మీదే కుట్టేస్తాం. అంతా విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

చీరను నూలు గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టండి. పసిపిల్లలున్న ఇంట్లో నాఫ్తలీన్ గోళీలు మాత్రం వాడొద్దు. పిల్లలు మింగితే అవి విషం.

రంగు పగటి వెలుగులోనే

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. మా వీధి చివర ఉండే ఒక అత్తమ్మగారు మెరూన్ చీర ఇచ్చారు. రాత్రి పది గంటలకి ట్యూబ్‌లైట్ కింద నా దగ్గరున్న రీళ్ళలో ఒకటి ఆనించి చూస్తే అచ్చం సరిపోయింది. మూడు రాత్రులు కూర్చుని 46 కుచ్చులూ వేశాను. ఆవిడ పగలు గుమ్మంలో చీర విప్పగానే, "ఇది గోధుమరంగు కదమ్మా" అన్నారు. నిజమే. చీర ఎరుపులో ఉంది, కుచ్చులు ఇటుకరంగులో ఉన్నాయి. అన్నీ కత్తిరించి మళ్ళీ వేశాను, డబ్బులు మాత్రం ఒకసారివే వచ్చాయి.

చీరకి వేసిన రంగూ దారానికి వేసిన రంగూ ఒకే రకం కావు. అందుకే ఒక దీపం కింద కలిసిపోయిన రెండు రంగులు ఎండ వెలుగులో విడిపోతాయి. కాబట్టి పగలు కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట నిలబడి దారాన్ని చీర మీద పెట్టి చూడండి. ఒక్క పోగు కాకుండా పది, పదిహేను పోగులు కలిపి పెట్టాలి. విడి పోగు ఎప్పుడూ లేతగానే కనిపిస్తుంది. ఆ ఫోటో కస్టమర్‌కి పంపి "సరే" అని జవాబు వచ్చాకే రీలు తెరవండి. కొనేటప్పుడు అవసరానికి ఒక రీలు ఎక్కువే తీసుకోండి. నెల తర్వాత అదే నంబరు కొన్నా రంగు కొంచెం తేడా రావచ్చు.

కుచ్చులు కట్టడం

మొదట మీ దగ్గరకొచ్చిన చీర ఏ రకమో చూడండి. మగ్గం మీంచి దిగిన కొన్ని చీరల్లో కొంగు చివర నేయని పడుగు పోగులు వేలాడుతూ ఉంటాయి. వాటికి కొత్త దారం అక్కర్లేదు. పోగుల్ని వేళ్ళతో దువ్వి, సమానమైన పాయలుగా తీసి, సూది మొనతో ముడిని అంచు దాకా నెట్టి బిగించాలి. పట్టు జారుతుంది కాబట్టి రెండు ముళ్ళు వేయాలి. పోగులు కత్తిరించేసిన చీరకైతే విడిగా కుచ్చులు చేసి కుట్టాలి. ఎక్కువగా వచ్చేవి ఇవే, కాబట్టి ఒక చీర లెక్క పూర్తిగా చెబుతాను.

చీర పన్నా 46 అంగుళాలు అనుకోండి. రెండు చివర్లా అర అంగుళం వదిలితే 45 అంగుళాలు మిగులుతుంది. అంగుళానికి ఒకటి చొప్పున 46 కుచ్చులు పడతాయి, ఎందుకంటే మొదటి గుర్తు దగ్గర కూడా ఒకటి ఉంటుంది. రెండంగుళాల వెడల్పున్న గట్టి అట్టముక్క మీద సిల్కు దారం 25 చుట్లు చుట్టాలి. ఒక చుట్టుకి నాలుగు అంగుళాలు, అంటే ఒక కుచ్చుకి వంద అంగుళాలు, సుమారు రెండున్నర మీటర్లు. 46 కుచ్చులకి 115 మీటర్ల పైచిలుకు. రీలు మీద రాసిన మీటర్లు చూసి ఎన్ని కావాలో లెక్కేసుకోండి.

చుట్టాక పై అంచున దారం దూర్చి గట్టిగా ముడి వేయండి. ఆ ముడి దారం చివరలు కత్తిరించకండి, తర్వాత వాటితోనే చిన్న ఉంగరంలా కొక్కెం చేసుకోవాలి. కింది అంచున కత్తెరతో కోస్తే 50 పోగుల కుచ్చు చేతికొస్తుంది. తల నుంచి పావు అంగుళం కిందికి జరీ దారం ఐదారు చుట్లు బిగించి మెడ కట్టాలి. ఈ మెడ వదులుగా ఉంటే రెండుసార్లు కట్టుకునేసరికి పోగులు ఒక్కొక్కటే జారిపోతాయి. ప్రతి పదిలో ఒకదాన్ని తీసి నాలుగు పోగులు పట్టుకుని గట్టిగా లాగి చూడండి. ఊడొస్తే ఆ పదీ మళ్ళీ బిగించాలి.

చుట్టి కోయడానికి నాకు 50 నిమిషాలు, మెడలు కట్టడానికి 70 నిమిషాలు పడుతుంది. అంటే రెండు కునుకులు. ఈ పనిలో చీర ఎక్కడా లేదు చూడండి.

చీరకి కుట్టడం

రాత్రి ముందుగా చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. పాపకి నూనె రాసి, కాటుక పెట్టిన చేతులవి. పట్టు మీద నూనె చుక్క పడితే నీళ్ళు పెట్టి రుద్దకండి, మరక ఇంకా పాకుతుంది. వెంటనే టాల్కం పౌడర్ చల్లి, రాత్రంతా వదిలి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపాలి.

కొంగు అంచుని పావు అంగుళం చొప్పున రెండు మడతలు మడిచి హెమ్మింగ్ చేయాలి. దీనికి 35 నిమిషాలు. కత్తిరించిన అంచుకి నేరుగా కుచ్చు కుడితే దాని బరువుకి నేత విడిపోయి అంచు పీచులా లేస్తుంది.

గుర్తులకి చాక్‌పీసు వద్దు, పట్టు మీద గీత ఉండిపోవచ్చు. గుండుసూదులు అసలే వద్దు. ఒక పొడవాటి కాగితపు పట్టీ మీద అంగుళం అంగుళానికి గీతలు గీసి, బట్టల క్లిప్పులతో అంచు కింద పట్టించండి. ముందు రెండు చివరల కుచ్చులు, తర్వాత నడిమిది, ఆపైన మధ్యవి కుట్టుకు రావాలి. ఒక చివర నుంచి వరసగా వస్తే చిన్న చిన్న తేడాలు పోగై చివర్లో అర అంగుళం ఖాళీ మిగులుతుంది.

కుట్టడం ఇలా: చీర రంగు దారం రెండు పేటలుగా తీసుకుని, సూదిని మడత లోంచి పైకి తీయాలి. ప్రతి కుచ్చుకీ పైన ఒక పూస వస్తుంది. ఆ పూసలోంచి, కుచ్చు కొక్కెంలోంచి పోనిచ్చి, మళ్ళీ అదే పూసలోంచి వెనక్కి తెచ్చి మడతలో ముడి వేయాలి. ప్రతి కుచ్చుకీ దాని ముడి దానికే ఉండాలి. ఒకే దారంతో అన్నీ కుట్టుకుపోతే ఒకచోట తెగగానే వరసగా నాలుగైదు రాలతాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 46కి 92 నిమిషాలు, అంటే రెండు రాత్రులు. చివరి 20 నిమిషాల్లో కుచ్చుల్ని ఆవిరితో సాపు చేసి, కింద స్కేలు పెట్టి పొడుగు తేడాలు కత్తిరించాలి.

ఫాల్ గురించి కొద్దిగా

నూలు ఫాల్‌ని నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి చీర అంచంతా ముడతలు పడుతుంది. కింది అంచు ఏదో అనుమానం వస్తే చీర మంచివైపు పైకి ఉండేలా పరిచి, కొంగు మీ కుడిచేతి వైపుకి పెట్టండి. మీకు దగ్గరగా ఉన్న అంచే కిందిది, దాని వెనకవైపు ఫాల్ రావాలి. పై అంచు హెమ్మింగ్‌లో సూదికి చీర పోగులు ఒకటి రెండే తగలాలి. అంతకంటే ఎక్కువ పడితే మంచివైపు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. పీకో కోసం మిషన్ కొనొద్దు. దగ్గర్లో పీకో చేసేవాళ్ళకి ఇచ్చి తెచ్చుకోండి.

సూదులు, పూసలు, పాప

మూడేళ్ళలోపు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పూస గొంతుకి అడ్డుపడుతుంది, సూది సంగతి చెప్పక్కర్లేదు. నా దగ్గర సరిగ్గా మూడు సూదులు ఉంటాయి, ఎర్రగుడ్డ ముక్కకి గుచ్చి బిగుతు మూత డబ్బాలో. కూర్చునేటప్పుడు మూడు, లేచేటప్పుడు మూడు. మూడూ లెక్కకి వచ్చేదాకా పడుకోను. పూసల్ని అంచున్న స్టీలు పళ్ళెంలో పోసుకుని, పళ్ళెం కింద లేతరంగు దుప్పటి పరుస్తాను. అయిపోయాక దుప్పటిని నాలుగు కొనలూ కలిపి ఎత్తి దులుపుతాను. తర్వాత లైటు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని నేలకి ఆనించి అడ్డంగా వెలిగిస్తాను. నిలబడి చూస్తే కనిపించని పూస కూడా అప్పుడు పొడవాటి నీడ వేసి దొరికిపోతుంది. ఒకసారి మంచం కోడు పక్కన అలా రెండు దొరికాయి.

పాప ఏదైనా మింగిందని అనుమానం వస్తే, దగ్గు లేకపోయినా డాక్టర్‌కి చూపించండి. దగ్గుతూ ఊపిరి అందక ఇబ్బంది పడుతుంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ధర, గంట లెక్క

పై చీరకి నేను తీసుకునేది 550 రూపాయలు. దారం, జరీ, పూసలకి 80 పోతే 470 మిగులుతుంది. పట్టిన సమయం 267 నిమిషాలు, దాదాపు నాలుగున్నర గంటలు. గంటకి 105 రూపాయలు పడింది. ఫాల్, పీకోకి 110 తీసుకుంటాను. ఫాల్‌కి 40, పీకోకి 25 పోగా 45 మిగులుతుంది. నాకు 45 నిమిషాలు పడుతుంది కాబట్టి గంటకి 60 రూపాయలే. మీ వీధిలో రేట్లు వేరుగా ఉండొచ్చు, కానీ లెక్క ఇలాగే వేయండి. గంటకి ఎంత పడిందో తెలియకుండా పక్కవాళ్ళ రేటు చూసి రేటు చెప్తే నష్టం కనిపించదు. కొత్తలో అదే చీరకి నాకు ఏడు గంటలు పట్టింది. మొదటి ఐదారు చీరలు మీవి, మీ చుట్టాలవి చేసి చేయి తిరిగాకే డబ్బుకి తీసుకోండి.

వారానికి 14 గంటలు ఉన్నట్టు అనిపిస్తుంది కానీ జ్వరం, పళ్ళు రావడం, చుట్టాలు అన్నీ ఉంటాయి. నేను 9 గంటలే లెక్కేసుకుంటాను. అంటే వారానికి రెండు కుచ్చుల చీరలు, నెలకి 3,760 రూపాయలు. లేదా ఒక కుచ్చుల చీర, మూడు ఫాల్స్ చేస్తే నెలకి 2,420. ఇంతకంటే ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్ళు నిద్ర మానేసి చేసిన గంటల్ని లెక్కలో వేయడం లేదు. ఫాల్‌లో డబ్బు తక్కువైనా నేను మానలేదు. ఫాల్ కోసం వచ్చినవాళ్ళకే కుచ్చుల నమూనాలు చూపించగలను కాబట్టి.

గంటలు పెంచలేం కాబట్టి, పని లేని వారాల్లో కునుకు టైముని దాచుకోవచ్చు. మెరూన్, ఆకుపచ్చ, బంగారు రంగు కుచ్చులు ముందే కట్టి డబ్బాల్లో పెడతాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో రంగు సరిపోయిన చీర వస్తే సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

చీరలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎప్పుడు ఇస్తామని చెప్పాలి

ఆరు అంగుళాల పట్టుముక్క మీద నాలుగు రకాల కుచ్చులు వేసి, వెనక ధర రాసి పెట్టుకోండి. ఫోన్‌లో బొమ్మల కంటే చేత్తో పట్టుకుని చూసే ఆ ముక్కే ఎక్కువ పని తెస్తుంది. దాన్ని జాకెట్లు కుట్టే దర్జీల దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళకి కుచ్చులు కట్టే తీరిక ఉండదు, చీరలు మాత్రం వాళ్ళ ముందే ఉంటాయి. చీరల షాపులు పని ఎక్కువ ఇస్తాయి, కానీ రేటు తగ్గిస్తాయి, "రేపటికి కావాలి" అంటాయి. నేను ఒక షాపు పని ఒప్పుకుని, వారంలో ఎనిమిది చీరలు మీద పడి, రెండు ఆలస్యం చేశాను. ఆ షాపు మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు దర్జీలు ఇద్దరు, ఇరుగుపొరుగు, అంతే.

ఒడియా కస్టమర్లకి తేదీ, ధర వాయిస్ మెసేజ్‌లో ఒడియాలోనే చెప్పండి. రాసిన మెసేజ్ కంటే అదే తొందరగా అర్థమవుతుంది. తేదీ చెప్పేటప్పుడు పని ఎన్ని రోజులు పడుతుందో చూసి దానికి రెట్టింపు చేసి చెప్పండి. కుచ్చుల చీర నాకు రెండు కునుకులు, మూడు రాత్రులు, కాబట్టి ఐదు రోజులు. నేను చెప్పేది పది రోజులు. పెళ్ళి చీరైతే ముహూర్తం తేదీ అడిగి, దానికి నాలుగు రోజుల ముందే ఇచ్చేలా ఒప్పుకోవాలి. అంత సమయం లేకపోతే ఆ చీర తీసుకోను. సగం డబ్బు ముందే తీసుకుంటాను, దారం, పూసల ఖర్చు అందులోంచే వెళ్ళిపోతుంది.

కాగితాల విషయానికొస్తే, ఈ స్థాయి పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పని సేవ కిందికి వస్తుంది, ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ సంగతి. ముందుముందు బ్యాంకు లోను కావాలనుకుంటే udyamregistration.gov.in లో ఆధార్, పాన్‌తో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, అది ఉచితం.

మూడు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు పగటి నిద్ర మానేస్తారు. ముందు వారానికి రెండు రోజులు మానేస్తారు, తర్వాత నాలుగు. అప్పుడు కుచ్చులు చుట్టే పని కూడా రాత్రిలోకే వస్తుంది. నోట్‌బుక్‌లో కునుకు పడని రోజులకి సున్నా చుట్టుకుంటూ వెళ్ళండి. వారంలో మూడు సున్నాలు కనిపించిన రోజు నుంచి రెండు కుచ్చుల చీరల బదులు ఒకటే ఒప్పుకోవాలి. పది రోజులు అని చెప్పే తేదీని పదిహేను చేయాలి.